మైటోకాండ్రియాలో జారిపడే ఎలక్ట్రాన్లు, వాటిని పట్టుకునే ఎంజైములు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పేటప్పుడు ఏటా ఇవే ప్రశ్నలు వస్తాయి. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు "యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకోవచ్చా" అని అడిగి పంపే ప్రశ్నలూ వాటితో పాటే వస్తాయి. అన్నింటికీ మూలం ఒక్కటే కాబట్టి జవాబులను ఒక వరసలో పెట్టాను. మొదటి నుంచి చదివితే తర్వాతి జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి.

ఆక్సిజన్ లేకపోతే బతకలేం. మరి అదే ఆక్సిజన్ ఒంటికి హాని చేస్తుందని ఎందుకంటారు?

మనం పీల్చే ఆక్సిజన్‌లో చాలా భాగం కణాల్లోని మైటోకాండ్రియాలోనే ఖర్చవుతుంది. అన్నం, పప్పు, నూనె అరిగాక వాటిలోంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండే ప్రొటీన్ల గుంపుల మీదుగా ఒకదాని నుంచి మరొకదానికి చేతులు మారుతూ పోతాయి. ఈ గుంపులను కాంప్లెక్స్ 1, 2, 3, 4 అంటారు. చివరిదైన కాంప్లెక్స్ 4 ఒక ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు అందించి దాన్ని నీరుగా మారుస్తుంది. ఈ దారిలో దొరికిన శక్తితోనే కణం తన పనులన్నింటికీ ఖర్చు పెట్టుకునే ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది. ఆ ఏటీపీ కండరంలో ఉందని 1929లో చూపించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు.

చిక్కంతా ఆక్సిజన్ తీరులో ఉంది. అది నాలుగు ఎలక్ట్రాన్లనూ ఒకేసారి తీసుకోదు, ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. నాలుగూ అందితే నీరవుతుంది. ఒక్కటే అందితే సూపర్ ఆక్సైడ్ అవుతుంది. ఇలా జతలేని ఎలక్ట్రాన్‌తో మిగిలేవాటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. కాంప్లెక్స్ 4 మాత్రం నాలుగూ అందేదాకా ఆక్సిజన్‌ను తన గుప్పిట్లోంచి వదలదు, కాబట్టి అక్కడ దాదాపు ఏమీ జారదు. జారేది దారి మధ్యలో, ముఖ్యంగా కాంప్లెక్స్ 1, కాంప్లెక్స్ 3 దగ్గర. పక్కనుంచి పోతున్న ఆక్సిజన్ మీదికి ఒక ఎలక్ట్రాన్ దూకేస్తుంది.

ఎక్కువ పనిచేస్తే ఎక్కువ జారుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి దాదాపు తిరగేసి ఉంటుంది. కాలువలో నీళ్లు పొలాలకు పారుతున్నంతసేపూ గట్టు పొర్లదు. కింద తూము మూసేస్తేనే పైన నీరు నిలిచి గట్టు దాటుతుంది. మైటోకాండ్రియా కూడా అంతే. ఏటీపీ ఖర్చవుతూ ఉంటే ఎలక్ట్రాన్లు వేగంగా పారిపోతాయి, జారేవి తక్కువ. ఏటీపీకి గిరాకీ లేకుండా తిండి మాత్రం వచ్చి పడుతుంటే, లేదా దారిలో ఒక కాంప్లెక్స్ దెబ్బతిని అడ్డం పడితే, ఎలక్ట్రాన్లు గుమిగూడి ఎక్కువగా జారతాయి. ఈ కాలువ పోలికను గుర్తుంచుకోండి, గుండెపోటు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పీల్చే ఆక్సిజన్‌లో రెండు శాతం ఫ్రీ రాడికల్స్‌గా మారుతుందని చదివాను. నిజమేనా?

ఆ అంకె 1970ల్లో ఆల్బెర్టో బోవెరిస్, బ్రిటన్ ఛాన్స్ వంటివారు కణంలోంచి బయటికి తీసిన మైటోకాండ్రియా మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. కొలత తప్పు కాదు. కానీ ఆ గాజు గొట్టంలో ఆక్సిజన్ కణంలో ఉండేదానికంటే చాలా ఎక్కువ, తిండి కూడా దండిగా పోశారు, పైగా కొన్ని కొలతల్లో దారిని మందుతో అడ్డగించారు. అంటే తూము మూసి పొర్లే నీటిని కొలిచారన్నమాట. కణంలో ఉండే పరిస్థితులకు దగ్గరగా తర్వాత చేసిన కొలతల్లో అది 0.1 నుంచి 0.2 శాతం చుట్టూ తేలింది.

కూర్చుని ఉన్న మనిషి నిమిషానికి సుమారు 250 మి.లీ. ఆక్సిజన్ వాడతాడు. రోజుకు 360 లీటర్లు. రెండు శాతమైతే 7 లీటర్లకు పైగా దారి తప్పినట్టు. 0.1 శాతమైతే 360 మి.లీ., అంటే పెద్ద గ్లాసుడు. పాత పుస్తకాల్లో, మాత్రల డబ్బాల మీద ఇప్పటికీ రెండు శాతమే కనిపిస్తుంది. నేనైతే పిల్లలకు ఆ అంకెను కొట్టేయించి, ఎలా వచ్చిందో పక్కన రాయిస్తాను.

సూపర్ ఆక్సైడ్ పుట్టాక దాన్ని ఎవరు పట్టుకుంటారు?

సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్. పొట్టిగా ఎస్ఓడీ. ఇది రెండు సూపర్ ఆక్సైడ్లను తీసుకుని ఒక దానిలోని ఎలక్ట్రాన్‌ను రెండోదానికి ఇస్తుంది. ఒకటి మామూలు ఆక్సిజన్‌గా వెళ్లిపోతుంది, రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది.

```
2 O2•− + 2 H+ → O2 + H2O2
```

దీని చరిత్రలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఎర్ర రక్తకణాల్లో రాగి ఉండే ఒక ప్రొటీన్ ఉందని 1938 నుంచే తెలుసు. దాని పనేమిటో ముప్పై ఏళ్లు ఎవరికీ తెలియలేదు, రాగిని దాచుకోవడానికేమో అనుకున్నారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో అదే ప్రొటీన్ సూపర్ ఆక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ అని చూపించారు. ఒంట్లో సూపర్ ఆక్సైడ్ నిజంగా పుడుతుందని, అందుకోసం ఒక ఎంజైమ్ కూడా ఉందని అప్పుడే అందరూ నమ్మడం మొదలైంది.

మనలో ఈ ఎంజైమ్ మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. రాగి, జింక్ ఉండేది ప్రధానంగా కణ ద్రవంలో. మాంగనీస్ ఉండేది మైటోకాండ్రియా లోపల. మూడోది కణాల బయట. ఒకదాని పని మరొకటి చేయలేదు, ఎందుకంటే సూపర్ ఆక్సైడ్‌కు విద్యుదావేశం ఉంది కాబట్టి పొర దాటి బయటికి రాలేదు. పుట్టిన గదిలోనే దాన్ని పట్టుకోవాలి. మాంగనీస్ ఎస్ఓడీ లేకుండా పుట్టించిన ఎలుక పిల్లల గురించి 1995లో రాసిన నివేదిక చదివితే ఇది అర్థమవుతుంది. అవి పుట్టిన పది రోజుల్లోపే గుండె ఉబ్బి చనిపోయాయి. మిగతా రెండు రకాలూ ఒంట్లో ఉన్నా కాపాడలేకపోయాయి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే గాయాలకు పోసేదే కదా? అది ఒంట్లోనే తయారైతే ప్రమాదం కాదా?

అదే పదార్థం, కాకపోతే ఒంట్లో ఉండే మోతాదు అతి తక్కువ. దాన్ని విరిచేసే ఎంజైమ్‌ను వంటింట్లోనే చూడొచ్చు. మందుల షాపులో దొరికే పెరాక్సైడ్‌ను పచ్చి బంగాళదుంప ముక్క మీద నాలుగు చుక్కలు వేయండి. రెండు మూడు సెకన్లలో కోసిన వైపు తెల్లగా నురగ లేస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపట వినిపిస్తుంది. ఆ బుడగలు ఆక్సిజన్. అదే దుంపను ఉడకబెట్టి వేస్తే నురగ రాదు, ఎందుకంటే వేడికి ఎంజైమ్ పాడైపోయింది. ఆ ఎంజైమ్ పేరు కెటలేజ్. మన రక్తంలోనూ ఉంటుంది కాబట్టే గాయం మీద పోసినప్పుడు పొంగుతుంది.

పొంగకపోతే? జపాన్‌లో షిగెవో తకహారా అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు సరిగ్గా ఇదే ఎదురైంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొద్దికాలానికి, నోట్లో కుళ్లు పుండుతో వచ్చిన పదకొండేళ్ల అమ్మాయికి పాడైన కండ తీసేసి, పుండు మీద పెరాక్సైడ్ పోశాడు. బుడగలు రాలేదు. రక్తం కళ్లముందే గోధుమ నలుపుగా మారింది. పొరపాటున సిల్వర్ నైట్రేట్ సీసా చేతికి ఇచ్చారేమో అని మొదట అనుమానించాడు. మళ్లీ పెరాక్సైడ్ పోసినా అదే జరిగింది. ఆ అమ్మాయి రక్తంలో కెటలేజ్ లేదని ఆ తర్వాత తేలింది. తోబుట్టువుల్లో కొందరికీ అదే లోపం ఉంది. 1952 నాటికి ఈ సంగతి లాన్సెట్ పత్రికలో వచ్చింది.

దీనిలో అసలు గమనించాల్సింది వేరే ఉంది. కెటలేజ్ లేనివాళ్లలో చాలామంది మామూలుగానే బతుకుతారు. కొందరికి నోటి పుండ్లు వస్తాయి, అంతే. మాంగనీస్ ఎస్ఓడీ లేని ఎలుక పది రోజులు కూడా బతకలేదు. అంటే పెరాక్సైడ్ విషయంలో కెటలేజ్ ఒక్కటే దిక్కు కాదు.

అయితే కెటలేజ్ కాక ఇంకెవరు?

కెటలేజ్ ఎక్కువగా పెరాక్సిసోమ్ అనే వేరే సంచుల్లో ఉంటుంది. చాలా కణాల్లో మైటోకాండ్రియా లోపల అది దాదాపు ఉండదు. అక్కడ పని చేసేవి పెరాక్సిరెడాక్సిన్లు, గ్లూటథయోన్ పెరాక్సిడేజ్. వీటిలో ఎక్కువ బరువు మోసేది పెరాక్సిరెడాక్సిన్. గ్లూటథయోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం కావాలి, అది అందకపోతే ఎంజైమ్ తయారు కాదు.

కెటలేజ్‌కు, వీటికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. కెటలేజ్ తన పని తాను ఏ ఖర్చూ లేకుండా చేసుకుపోతుంది. మిగతా రెండూ పెరాక్సైడ్‌ను నీరుగా మార్చిన ప్రతిసారీ తాము ఎలక్ట్రాన్లు కోల్పోతాయి, వాటిని తిరిగి నింపాలి. ఆ నింపే సొమ్ము ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీపీహెచ్ అనే చిన్న అణువు నుంచి వస్తుంది. ఎన్ఏడీపీహెచ్ మనం తిన్న తిండి నుంచే తయారవుతుంది, కణ ద్రవంలో గ్లూకోజ్ నుంచి, మైటోకాండ్రియాలో వేరే దారుల్లో. అందుకే "యాంటీఆక్సిడెంట్" అంటే ఏదో పండులోంచి వచ్చి ఒకసారి అడ్డుపడి పోయే పదార్థం అనుకుంటే అసలు ఏర్పాటు కనపడదు. ఒంట్లో ఉన్నది సెకను సెకనుకూ తిరిగే చక్రం. విటమిన్ సి, ఇ లకు దానిలో చోటు ఉంది, కానీ చిన్నది.

ఇన్ని ఎంజైములు ఉండగా దెబ్బ ఎలా తగులుతుంది?

ఇనుము వల్ల. సూపర్ ఆక్సైడ్ గానీ, పెరాక్సైడ్ గానీ స్వతహాగా మరీ దూకుడైనవి కావు. కానీ కొన్ని ఎంజైముల్లో ఇనుము, గంధకం కలిసిన చిన్న గడులు ఉంటాయి. సూపర్ ఆక్సైడ్ వాటిని పడగొట్టి ఇనుమును విడిపిస్తుంది. మైటోకాండ్రియాలోని అకోనిటేజ్ ఇలాగే దెబ్బతింటుంది. విడిపడిన ఇనుము పెరాక్సైడ్‌ను తాకితే జరిగేది ఇది. దీన్ని హెన్రీ ఫెంటన్ 1894లోనే గమనించాడు.

```
Fe2+ + H2O2 → Fe3+ + OH− + •OH
```

చివరన పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టే ఎంజైమ్ ఏదీ లేదు, ఉండే వీలూ లేదు. అది సెకనులో వంద కోట్లవ వంతు కాలంలోనే పక్కన ఏదుంటే దాన్ని తాకేస్తుంది. పక్కనున్నది డీఎన్ఏ అయితే గ్వానిన్ అనే అక్షరం పాడవుతుంది. కొవ్వు పొర అయితే ఒక కొవ్వు నుంచి మరో కొవ్వుకు గొలుసులాగా అంటుకుంటూ పోతుంది. ఈ గొలుసును ఆపడం విటమిన్ ఇ చేసే అసలు పని.

కాబట్టి ఒంటి రక్షణ అంతా హైడ్రాక్సిల్ పుట్టకముందే జరగాలి. సూపర్ ఆక్సైడ్‌ను వెంటనే పట్టుకోవడం, పెరాక్సైడ్‌ను పోగుపడనివ్వకపోవడం, ఇనుమును ఫెరిటిన్ వంటి ప్రొటీన్లలో తాళం వేసి ఉంచడం. ఇవి మూడూ దాటి దెబ్బ తగిలితే ఇక మరమ్మతే.

ముసలితనానికి కారణం ఇదేనా?

1956లో డెన్హమ్ హార్మన్ ఈ ఊహను రాశాడు. 1972లో మైటోకాండ్రియానే ఆ గడియారం అన్నాడు. జారే ఎలక్ట్రాన్లు డీఎన్ఏను, ప్రొటీన్లను కొద్దికొద్దిగా పాడుచేస్తాయి, ఆ నష్టం పోగై ముసలితనం వస్తుంది అని. వయసు పెరిగేకొద్దీ పాడైన ప్రొటీన్లు, డీఎన్ఏ కణజాలంలో పెరుగుతాయన్నది నిజం. కానీ జుట్టు నెరవడం కూడా వయసుతోనే పెరుగుతుంది, అంతమాత్రాన నెరిసిన జుట్టు ముసలితనానికి కారణం కాదు కదా. కారణమా కాదా తెలియాలంటే ఎంజైమ్‌ను తగ్గించి, పెంచి చూడాలి. అలా చూశారు.

మాంగనీస్ ఎస్ఓడీ సగమే ఉన్న ఎలుకల ఫలితం 2003లో వచ్చింది. వాటి డీఎన్ఏ మామూలు ఎలుకల కంటే ఎక్కువ పాడైంది. క్యాన్సర్లూ ఎక్కువ వచ్చాయి. ఆయుష్షు మాత్రం తగ్గలేదు. నాకు తెలిసిన ఫలితాల్లో హార్మన్ ఊహకు ఇంతకంటే గట్టి దెబ్బ లేదు. దెబ్బ పెరిగినా ఎలుక ముందుగా ముసలిదవలేదంటే, ఆ దెబ్బ ఒక్కటే గడియారాన్ని తిప్పడం లేదు. 2009లో ఈ ఎంజైములను ఎక్కువ చేసిన ఎలుకలను చూశారు. కణ ద్రవపు ఎస్ఓడీ గానీ, కెటలేజ్ గానీ, రెండూ కలిపి గానీ పెంచితే ఆయుష్షు పెరగలేదు. అదే ఏడాది సన్నటి నేలపురుగు సి. ఎలిగాన్స్‌లో మైటోకాండ్రియా ఎస్ఓడీని తీసేస్తే అది ఇంకా ఎక్కువ రోజులు బతికింది.

అవతలి వైపు కూడా ఒక మంచి ఫలితం ఉంది, దాన్ని దాచకూడదు. 2005లో కెటలేజ్‌ను అది మామూలుగా ఉండని చోట, మైటోకాండ్రియా లోపల పెట్టిన ఎలుకలు సుమారు అయిదు నెలలు ఎక్కువ బతికాయి. ఎలుక ఆయుష్షులో అది అయిదో వంతు.

ఈ రెండు వైపుల ఫలితాలనూ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. పెరాక్సైడ్ ఎక్కడ, ఎంత, ఎంతసేపు ఉందన్నదే లెక్క. తక్కువ మోతాదులో అది కణానికి కబురు మోసే పదార్థం. ఆ కబురు అందితే కణం తన రక్షణ ఎంజైములను పెంచుకుంటుంది. నేలపురుగు ఎక్కువ బతకడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. పెరాక్సైడ్ పోగుపడి, ఇనుము విడిపడిన చోట అదే నష్టం. అందుకే "ముసలితనం అంటే ఒంటికి తుప్పు పట్టడం" అన్న మాట పుస్తకాల్లో కనిపిస్తే నేను ఒప్పుకోను. వయసుతో వచ్చే కొన్ని జబ్బులకు మాత్రం ఈ దెబ్బకు గట్టి సంబంధం ఉంది.

ఏ జబ్బులో ఈ సంబంధం బాగా రుజువైంది?

గుండెపోటులో, అదీ మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచిన మొదటి నిమిషాల్లో. దీన్ని అడుగడుగునా చూద్దాం.

గుండె ముందుభాగానికి రక్తమిచ్చే నాళం గడ్డతో మూసుకుపోయిన ఒకరిని ఊహించుకోండి. ఆ కండరానికి ఆక్సిజన్ ఆగిపోయింది. కాంప్లెక్స్ 4 దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకునేవారు లేరు. కాలువ కింద తూము మూసుకుపోయింది. వెనకాలంతా ఎలక్ట్రాన్లు నిలిచిపోయాయి. ఏటీపీ పడిపోతోంది. ఈ స్థితిలో సక్సినేట్ అనే పదార్థం కండరంలో పేరుకుపోతుంది. మామూలుగా అది పుట్టిన వెంటనే కాంప్లెక్స్ 2 దగ్గర ఖర్చయిపోయేది. ఇప్పుడు దాని దారి మూసుకుపోయి నిల్వ పడింది. ఆక్సిజనే లేదు కాబట్టి ఈ దశలో సూపర్ ఆక్సైడ్ పెద్దగా పుట్టదు.

ఇప్పుడు ఆసుపత్రిలో స్టెంట్ వేసి నాళం తెరిచారు. రక్తం ఒక్కసారిగా పారింది, ఆక్సిజన్ వచ్చింది. పేరుకున్న సక్సినేట్ అంతా నిమిషాల్లో కాంప్లెక్స్ 2 ద్వారా మండిపోతుంది. అంత వరద ముందుకు పోలేదు. కొంత వెనక్కి, కాంప్లెక్స్ 1 వైపు ఎదురెక్కుతుంది. ఎదురెక్కిన ఎలక్ట్రాన్లు కాంప్లెక్స్ 1 దగ్గర ఆక్సిజన్ మీద పడి పెద్ద ఎత్తున సూపర్ ఆక్సైడ్ పుట్టిస్తాయి. అదే సమయంలో కణంలోకి కాల్షియం కూడా పోటెత్తుతుంది. రెండూ కలిసి మైటోకాండ్రియా పొరలో ఒక పెద్ద రంధ్రాన్ని తెరుస్తాయి. అది తెరుచుకుంటే ఆ కణం చనిపోతుంది. ఈ సక్సినేట్ సంగతిని 2014లో కేంబ్రిడ్జ్‌లో మైకేల్ మర్ఫీ, అప్పట్లో ఆయన దగ్గర పరిశోధించిన ఎడ్వర్డ్ చౌచానీ, వారి సహచరులు ఎలుకల్లో చూపించారు. సక్సినేట్ పోగుపడకుండా ముందే ఒక మందు ఇస్తే గుండెలో చచ్చిన భాగం తగ్గింది.

మరి మనుషులకు ఎస్ఓడీని ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు కదా? ఇచ్చి చూశారు. నాళం తెరిచే సమయంలో ఎస్ఓడీ ఇచ్చిన ఒక అధ్యయనం 1994లో వెలువడింది. గుండె పనితీరులో తేడా రాలేదు. పైన చెప్పిన గదుల సంగతి గుర్తు తెచ్చుకుంటే కారణం ఊహించవచ్చు. ఎస్ఓడీ పెద్ద ప్రొటీన్, రక్తంలో ఇస్తే కణంలోకే పోదు, ఇక మైటోకాండ్రియా లోపలికి ఎలా పోతుంది? దెబ్బ జరిగేది లోపలి గదిలో. పైగా ఆ దెబ్బ మొదటి కొద్ది నిమిషాలదే. నాళం తెరిచిన తర్వాత ఏది ఇచ్చినా ఆలస్యమే.

ఇది చదివి ఎవరూ నాళం తెరవడమే తప్పు అనుకోకూడదు. తెరవకపోతే ఆ కండరం మొత్తం పోతుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగడం, చెమట పట్టడం ఉంటే గ్యాస్ అనుకుని కూర్చోకుండా వెంటనే వెళ్లాలి. ఎంత త్వరగా తెరిస్తే అంత ఎక్కువ కండరం మిగులుతుంది.

పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బుల సంగతి?

1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రవాళ్లు కొత్తరకం మత్తుమందు వేసుకుని, కొద్ది రోజుల్లోనే ముసలివాళ్లకు వచ్చే పార్కిన్సన్స్ లక్షణాలతో బిగుసుకుపోయారు. దానిలో కలిసిన ఎంపీటీపీ అనే మలినం మెదడులో మారి కాంప్లెక్స్ 1ను అడ్డగిస్తుందని తర్వాత తెలిసింది. 1989లో మామూలుగా పార్కిన్సన్స్ వచ్చి చనిపోయినవారి మెదడులో, ఆ జబ్బు మొదలయ్యే భాగంలో కాంప్లెక్స్ 1 మందగించినట్టు చూశారు. ఇక్కడ సంబంధం గట్టిదే, కానీ ఎలక్ట్రాన్లు జారడం ఎంత, ఏటీపీ తగ్గడం ఎంత అన్నది విడదీయడం కష్టం.

ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు గురించి ఒక పొరపాటు సరిచేయాలి. దానిలో కొన్ని కుటుంబాలకు కణ ద్రవపు ఎస్ఓడీ జన్యువులో మార్పు ఉంటుందని 1993లో తేలింది. ఎంజైమ్ తగ్గి సూపర్ ఆక్సైడ్ పెరిగి జబ్బు వచ్చిందని అందరూ అనుకున్నారు. కానీ మార్పు ఉన్నా ఎంజైమ్ పని పూర్తిగా చేసే రకాలతోనూ జబ్బు వస్తుంది. ఆ ప్రొటీన్ సరిగ్గా మడత పడక ముద్దలు కట్టడమే విషమవుతోంది. అందుకే 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫెర్సెన్ మందు ఎస్ఓడీని పెంచదు, దాని తయారీనే తగ్గిస్తుంది.

యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే లాభమేనా?

జబ్బు రాకుండా ఉండాలని వేసుకుంటే, లేదు. పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ మాత్ర హాని చేస్తుంది కూడా. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు 5 నుంచి 8 ఏళ్లపాటు బీటా కెరోటిన్ 20 మి.గ్రా., విటమిన్ ఇ 50 మి.గ్రా., రెండూ కలిపి, లేదా ఉత్త మాత్ర ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చిన మరో అధ్యయనంలోనూ ఇలాగే కనపడటంతో 1996 జనవరిలో దాన్ని మధ్యలోనే ఆపేశారు.

క్యారెట్ తింటే క్యాన్సర్ అని కాదు దీని అర్థం. కూరగాయల్లో ఉండే మోతాదు వేరు, దాంతో పాటు వచ్చేవి వేరు. మాత్రలో ఒకే పదార్థం రోజూ ఎక్కువగా పడుతుంది. మాత్రలోని విటమిన్ మైటోకాండ్రియా లోపలి గదిలో పెరాక్సైడ్‌ను ఎంజైమ్ అంత వేగంగా ఎన్నటికీ పట్టలేదు. లోపం ఉన్నవాళ్లకు డాక్టరు రాసిన విటమిన్ వేరే సంగతి, దాన్ని ఆపకండి.

వ్యాయామం చేస్తే ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయట. మానేయాలా?

మానొద్దు. వ్యాయామంలో పెరాక్సైడ్ కొద్దిగా పెరుగుతుంది. ఇప్పటి ఆధారాలను బట్టి అందులో ఎక్కువ భాగం మైటోకాండ్రియాది కూడా కాదు, కణ పొరల మీద ఉండే వేరే ఎంజైమ్‌ది. ఆ కొద్దిపాటి పెరుగుదలే కండరానికి కబురు. 2009లో జర్మనీలో మిఖాయెల్ రిస్టో బృందం కుర్రవాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. కొందరికి రోజూ విటమిన్ సి 1000 మి.గ్రా., విటమిన్ ఇ 400 యూనిట్లు ఇచ్చారు. విటమిన్లు తీసుకోనివాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది, ఎస్ఓడీ వంటి ఎంజైములు పెరిగాయి. విటమిన్లు తీసుకున్నవాళ్లలో ఆ లాభం రాలేదు.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష ఉందా?

రక్షణ చాలక పైన చెప్పిన దెబ్బలు పెరగడాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. దాన్ని కొలుస్తామనే పరీక్షలను ప్యాకేజీల్లో అమ్ముతున్నారు. జబ్బు తేల్చడానికి గానీ, మందు మార్చడానికి గానీ అవి పనికిరావు. కొవ్వు పాడైనప్పుడు వచ్చే ఎండీఏను కొలిచే పాత పరీక్షలో రంగు వేరే పదార్థాలతోనూ వస్తుంది. నమూనా బయట కాసేపు ఉంటే గాలికే కొవ్వు పాడై అంకె పెరుగుతుంది. పైగా గుండె మైటోకాండ్రియాలో జరిగేది చేతి నరంలోని రక్తంలో కనపడాలని ఏమీ లేదు.

అయితే సామాన్యులు నిజంగా తెలుసుకోవాల్సిన పరీక్ష ఏదీ లేదా?

ఒకటుంది, జీ6పీడీ పరీక్ష. పైన చెప్పిన చక్రానికి ఎన్ఏడీపీహెచ్ సొమ్ము కావాలని అన్నాను కదా. ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు, కాబట్టి వేరే దారి లేదు, ఆ సొమ్ము జీ6పీడీ అనే ఎంజైమ్ నుంచే రావాలి. కానీ అక్కడ ఇనుమూ ఆక్సిజనూ పక్కపక్కనే కిక్కిరిసి ఉంటాయి. జీ6పీడీ తక్కువగా ఉన్నవాళ్లు మామూలు రోజుల్లో బాగానే ఉంటారు. ఆక్సీకరణ ఒత్తిడి పెంచే మందు గానీ, పదార్థం గానీ తగిలితే చక్రం చాలక ఎర్ర కణాలు పగిలిపోతాయి. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది.

మన ఇళ్లలో దీనికి బాగా తెలిసిన కారణం బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు. వాటిలో ఉండే నాఫ్తలీన్ వాసన పట్టిన దుప్పటిలో పసిబిడ్డను చుడితే చాలు, ఈ లోపం ఉన్న బిడ్డకు కామెర్లు పెరగవచ్చు. బిడ్డ కోసం దాచిన బట్టలను ఉతికి, ఎండలో ఆరేసి వాడండి, అసలు ఉండలే పెట్టకపోతే ఇంకా మంచిది. రెండోది ప్రిమాక్విన్. వైవాక్స్ మలేరియా మళ్లీ రాకుండా 14 రోజులు ఇచ్చే మందు ఇది. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఉన్నచోట ఈ మందు ఇచ్చేముందు జీ6పీడీ చూడటం అందుకే.

మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా మందు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. సరిగ్గా ఆ సమయంలో పరీక్ష చేస్తే జీ6పీడీ మామూలుగా ఉన్నట్టు రావచ్చు. ఎంజైమ్ తక్కువున్న పాత కణాలు అప్పటికే పగిలిపోయి, ఎంజైమ్ ఎక్కువగా ఉండే కొత్త కణాలే రక్తంలో మిగులుతాయి. అందుకని రిపోర్టు నార్మల్ వచ్చినా, అనుమానం ఉంటే మూడు నెలల తర్వాత మళ్లీ చేయించి, లోపం తేలితే ఆ కాగితాన్ని ప్రతి ప్రిస్క్రిప్షన్ ఫైల్లోనూ పైన పెట్టుకోండి.